నూట నలభై మూడో పేజీ

గచ్చిబౌలిలోని ఆ విశ్వవిద్యాలయ గ్రంథాలయంలోకి వసంత మొదట అడుగుపెట్టింది మాప్ కర్రతో. నాలుగేళ్లు నేల తుడిచింది. ఒక వేసవిలో స్కానింగ్ సెక్షన్‌లో మనుషులు చాలక, ఇంటర్ పాసయిన ఆమెను పేజీలు తిప్పడానికి కూర్చోబెట్టారు. తిప్పుతూ తిప్పుతూ మిషన్ నేర్చుకుంది. ఆ కుర్చీ దక్కి ఇప్పటికి పదకొండేళ్లు. కొత్తగూడలో వాళ్ల వాడకట్టులో ఎవరడిగినా "లైబ్రరీల కంప్యూటర్ మీద పన్జేస్త" అని చెప్పేది. మళ్లీ మాప్ పట్టే రోజు మాత్రం రాకూడదని, కొలువు రెన్యువల్ అయ్యే ప్రతి మార్చిలోనూ మనసులో మొక్కుకునేది. ఆమె యూనివర్సిటీ మనిషి కాదు, ఏజెన్సీ మనిషి. మార్చి జాబితాలో పేరుకు ఎదురుగా టిక్కు పడితేనే ఏప్రిల్‌లో కొలువు.

పని పాత పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాలను స్కాన్ చేయడం. వాటిని ఇంటర్నెట్లో పెడితే ఎక్కడివాళ్లయినా చదువుకుంటారు. ఎవరు చదువుతారో ఆమెకు ఎన్నడూ తెలియదు. బాగుందని గానీ బాగాలేదని గానీ ఒక్కరూ అన్నది లేదు. అందుకే ఫిబ్రవరిలో సెక్షన్ మెయిల్‌కి ఆ ఉత్తరం వచ్చినప్పుడు రెండుసార్లు చదివింది.

రాసింది ప్రవీణ అనే పరిశోధక విద్యార్థిని, వరంగల్ నుంచి. చెరువుల మీద పని చేస్తోందట. 1987లో సమర్పించిన ఒక గ్రంథంలో, ఏ చెరువు కింద ఎన్ని ఎకరాలు పారేదో చెప్పే పట్టిక నూట నలభై మూడో పేజీలో ఉంది. అక్షరాలు వెలిసిపోయాయి. "మూడో వరుసలో ఉన్నది 36ఓ 86ఓ తేలడం లేదు. దయచేసి ఈ ఒక్క పేజీ మరింత స్పష్టంగా స్కాన్ చేసి పంపగలరా? మిగతా మూడు వందల పేజీలు ఎంతో చక్కగా ఉన్నాయి. చేసినవారికి నా కృతజ్ఞతలు."

చివరి వాక్యం దగ్గర వసంత ఆగిపోయింది. చేసినవారంటే తనే కదా.

స్టాక్ రూమ్ నుంచి గ్రంథం తెప్పించింది. టైపు మిషన్ మీద కొట్టిన కార్బన్ కాపీ. ఆ పేజీ దగ్గర కార్బన్ అరిగిపోయినట్టుంది, ఊదారంగు నీడ మాత్రం మిగిలింది. స్కానర్‌ను ఉత్త తెలుపు నలుపులో పెడితే అంత పలచని అక్షరాన్ని అది కాగితంతో పాటు తెల్లగా కొట్టేస్తుంది. ఆ సంగతి వసంతకు తెలుసు. బూడిదరంగు ఛాయలతో సహా చేద్దామని మొదట్లోనే అడిగింది. సర్వర్‌లో చోటు లేదు, అన్నీ తెలుపు నలుపులోనే చేయమన్నాడు అసిస్టెంట్ లైబ్రేరియన్ చలపతిరావు. చెప్పింది నోటిమాటగా.

అప్పుడే బైండింగ్ చేసే రవీందర్ వచ్చి భుజం మీదుగా ఉత్తరం చదివాడు.

"అక్కా, పేజీ జేసి ఆ పిల్లకు పంపు. ఉత్తరం డిలీట్ గొట్టు. ఖతం."

"గట్లెట్ల పంపుత? బయటోళ్లకు ఏది పంపాలన్నా సార్ సంతకం గావాలె. రేపు ఆ పిల్ల తన పుస్తకంల ఈ లైబ్రరీ పేరు రాసుకుంటది."

"సార్ దాకా వోతే పరేషాన్ అయితవ్. జర ఇను."

వినలేదు. ఈ ఒక్క పని పద్ధతిగా జరగాలని ఆమెకు పట్టుదల. పదకొండేళ్లలో తన పనిని ఎవరో గుర్తించిన కాగితం అది, దొంగచాటుగా చెరిపేయడానికి చేతులు రాలేదు. ఉత్తరం ప్రింటు తీసి, తనే తీసుకెళ్లి, తపాలా పుస్తకంలో నంబరు వేయించింది. పిచ్చిది! ఆఫీసులో నంబరు పడిన కాగితం ఊరికే పోదు. అది ఫైలవుతుంది. ఫైలు మూయాలంటే "తీసుకున్న చర్య" అనే గడి నింపాలి.

మూడో రోజు చలపతిరావు పిలిచాడు. ఆయన ఎప్పుడూ కసరడు. కుర్చీ చూపించి, మంచినీళ్లు తాగమని, ఆ తర్వాతే గొంతు కోస్తాడు.

"కంప్లయింట్ వచ్చిందండి మీ మీద."

"కంప్లయింట్ కాదు సార్, ఒక పేజీ అడిగిందంతే. మిగతయి మంచిగున్నయని గూడ రాసింది."

"పేజీ కనబడటం లేదని రాసిందా, లేదా?"

"రాసింది సార్. కానీ తెలుపు నలుపులనే చెయ్యమన్నది మీరే."

"రాతపూర్వకంగా ఉందాండి?"

"నోటితోనే చెప్పిన్రు సార్."

"వచ్చే నెల ఆడిట్ ఉంది. నాణ్యత ఎవరు చూసుకోలేదని అడుగుతారు. మీరు ఒక సంజాయిషీ రాసివ్వండి. ఫార్మాలిటీ అంతే." ఆయనే చెప్పాడు, ఆమె రాసింది: స్కాన్ చేసిన తర్వాత సరిచూడకపోవడం నా పొరపాటు. సంతకం పెట్టేటప్పుడు కలం ఆగింది. పెట్టకపోతే ఏమవుతుందని అడిగింది.

"ఎదురు తిరిగారని రాయాల్సి వస్తుందండి. అది మీకే మంచిది కాదు."

పెట్టింది. పెట్టినా మంచి జరగలేదు. మార్చిలో ఏజెన్సీ పంపిన జాబితాలో అందరి పేర్లకూ టిక్కు పడింది, వసంత పేరు ఎదురుగా ఆమె సంజాయిషీనే పిన్ను గుచ్చి ఉంది. తన చేతిరాతే తన మెడకు చుట్టుకుంది.

ఆఖరి రోజు మధ్యాహ్నం ఆ పేజీ చేసి పొమ్మన్నారు. ఇంకెవరికీ చేతకాదు మరి! వసంత పేజీ వెనక నల్ల అట్ట పెట్టింది, పలచని కాగితంలోంచి వెనక పేజీ అక్షరాలు కనబడకుండా. ఛాయలతో సహా, అంగుళానికి రెట్టింపు చుక్కలు పడేలా తీసింది. కంప్యూటర్లో నలుపు కొంచెం కొంచెంగా పెంచుతూ పోతే, ముప్పై ఏళ్ల పైచిలుకు మాసిన అంకెలు ఒక్కొక్కటే లేచి నిలబడ్డాయి. మూడో వరుసలో 86. ఎనిమిది పొట్ట రెండు వైపులా మూసుకునే ఉంది. ఏడుపొచ్చింది ఆమెకు. ఇంత బాగా చేయగలిగిన చేతిని ఎందుకు పొమ్మంటున్నారో ఎవరినడగాలో తెలియలేదు. ఆ పేజీ బొమ్మను చలపతిరావు ఫోల్డర్‌లో వేసి, బ్యాగు తీసుకుని బస్సెక్కింది.

ఏప్రిల్ నెలాఖరుకు కోకాపేటలో ఒక టవర్‌లో పని దొరికింది. పద్నాలుగో అంతస్తు, లిఫ్టు ముందు పొడవాటి వరండా, చేతిలో మాప్. అక్కడ ఉండగానే రవీందర్ ఫోన్ చేశాడు.

"అక్కా, ఆ వరంగల్ పిల్ల మళ్ల రాసింది. పేజీ అద్దంలెక్క కనబడుతుందట. సార్‌కు వెయ్యి దండాలు వెట్టింది."

"సార్‌కా?"

"సంతకం ఆయనది కద! ఫైల్ గూడ మూసిండు. ఏం రాసిండో ఇను: బాధ్యుల మీద చర్య తీసుకున్న తర్వాత నాణ్యత మెరుగుపడింది, విద్యార్థిని ఉత్తరమే ఇందుకు సాక్ష్యం."

"ఆ పేజీ జేసింది నేనే కద రవీందర్."

"నాకెర్కనే అక్కా. ఎవరికి జెప్పమంటవ్?"

లిఫ్టు తెరుచుకుంది. సూపర్‌వైజర్ భూలక్ష్మి దిగుతూ, ఫోన్ పెట్టేయమని సైగ చేసింది. వసంత పెట్టేసి, బకెట్లో మాప్ ముంచి పిండింది. ఈ వ్యవహారం మొత్తంలో తనను మెచ్చుకున్నది ఆ ప్రవీణ ఒక్కతే. ఆ పిల్ల చేసిన తప్పేమీ లేదని ఆమెకు బాగా తెలుసు. తెలిసీ, వరండా ఆ చివరి దాకా తుడుస్తూ ఆ పిల్లనే నోరారా తిట్టింది.