లోపలి తడి

తమిళ సీమలోని వెల్లిచందైలో ఏడో తరగతి చదివే సుగన్యకు ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. సైన్సు పాఠమంతా పరీక్ష ముందురోజు ఒక్క పూటలో చదివేది, తెల్లారేసరికి మరిచిపోయేది. 2006లో ఏడాది నడిమి అరపరీక్ష కూడా అట్లే తప్పింది. అమ్మానాన్న బెంగళూరుకు కట్టడం పనికి పోయినారు. ఇంట్లో అవ్వ పాపక్క ఒక్కతే.

అవ్వ ఓదార్చలేదు. మామిడి మొక్కకు బిందెడు నీళ్ళు ఒక్కసారే కుమ్మరిస్తున్న మనవరాలిని చూసి, పైతడిని నమ్మొద్దనే పాత సామెత ఒకటి గొణిగింది.

"మన్నులో వేలు పెట్టి చూడు" అనింది.

లోపల పొడిగా ఉంది.

"కొంచెం నీళ్ళు పోయ్. ఇంకినాక మళ్ళీ పోయ్."

ఆ రోజునుంచి సుగన్య కొంచెం చదివి, పుస్తకం మూసి, చూడకుండా చెప్పుకునేది. తడబడినచోట మాత్రమే తెరిచేది. మర్నాడు కొత్తది మొదలుపెట్టే ముందు నిన్నటిది తనను తానే అడిగేది.

ఏడాది చివరి పెద్దపరీక్షకు నెల ముందే అవ్వ చనిపోయింది. కర్మకు వచ్చిన అమ్మానాన్న మళ్ళీ పనికి పోయినారు; పాసైన సంగతి చెప్పుకోను ఇంట్లో ఎవరూ లేరు. సుగన్య మొక్క దగ్గర కూర్చుని, కళ్ళు మూసుకుని, అవ్వ ఆ రోజు అన్న మాటలు చెప్పుకుంది.

ఒక్కటీ పొల్లుపోలేదు.