ఆరు సిలిండర్ల వంట

ఉద్యోగాలు చేసుకునే ఆడవాళ్లు ఉండే ఆ హాస్టల్లో వంటావిడను అందరూ మంటమ్మ అనేవారు. అసలు పేరు హాజరుపట్టీలో ఉండేది గానీ ఆ పేరుతో పిలిచినవాళ్లు లేరు. మంట గిన్నె అడుగు దాటి పక్కలకు పాకితే చాలు, ఆవిడ ఎక్కడున్నా పరుగెత్తుకొచ్చి పిడి తిప్పేది. "గిన్నెకి వండుతున్నావా, గోడలకి వండుతున్నావా?" అని ఎదుటి మనిషిని కడిగేసేది. నోరు కూడా అంతే ఘాటు. అరవైమంది అమ్మాయిలూ ఆ తిట్లు తింటూనే ఆవిడ వండిన అన్నం మారు వడ్డించుకునేవారు.

ఈ పిచ్చి పుట్టుకతో వచ్చింది కాదు. పెళ్లైన కొత్తలో అత్తగారింట్లో తొమ్మిదిమందికి ఒక్క చిన్న సిలిండరు ఆధారం. ఒకరోజు శనగలు సగం ఉడికేసరికి గ్యాస్ అయిపోయింది. అత్తగారు ఆ గిన్నె తెచ్చి అందరి ముందూ కోడలి కంచంలో కుమ్మరించి, "నువ్వు వండిందేగా, నువ్వే తిను" అంది. ఆ శనగలు నమిలిన దవడ నొప్పి రెండు రోజుల్లో పోయింది. ఆ అవమానం మాత్రం ముప్ఫై ఏళ్లైనా మంటమ్మ గుండెలో పచ్చిగానే ఉంది.

హాస్టల్ వంటింట్లో ఆవిడకు తోడు ఆవిడ తోడికోడలే. మరిది కట్టడం పనిలో రెండో అంతస్తు మీంచి జారిపడి నడుం విరగ్గొట్టుకున్నాక, మంటమ్మే మేనేజరు కాళ్లావేళ్లా పడి ఆమెను పనిలో పెట్టించింది. రెండేళ్లు దాటినా ఆమెది రోజుకూలీ లెక్కే. జ్వరం వచ్చి ఒక పూట రాకపోతే ఆ పూట డబ్బు లేదు. ఇంట్లో మంచం పట్టిన మనిషి, బడికెళ్లే ఇద్దరు ఆడపిల్లలు. ఈ తోడికోడలి పని పర్మినెంటు చేయించేదాకా తనకు నిద్ర పట్టదని మంటమ్మ చాలాసార్లు అనుకుంది. ఒకటి రెండుసార్లు మేనేజరుతో అంది కూడా. ఆయన "చూద్దాం చూద్దాం" అని ఫోన్లో తలదూర్చేవాడు.

ఆ ఏడు గ్యాస్ బండి రెండుసార్లు చెప్పిన రోజుకి రాలేదు. నెలకు తొమ్మిది సిలిండర్లు తాగే వంటిల్లు అది. రెండోసారి రాత్రి భోజనానికి రొట్టె ముక్కలూ జామూ పంచాల్సి వచ్చింది. మర్నాడు మేనేజరు వంటింటి గుమ్మంలో నిలబడి, "ఇలాగైతే రాత్రి వంట ఎత్తేస్తా, మీలో ఒకరు సాయంత్రం పూట రానక్కర్లేదు" అన్నాడు. ఆ ఒకరు ఎవరో తోడికోడలికి తెలుసు. మంటమ్మ గోడ మీది పాత క్యాలెండరు దించి, వెనక్కి తిప్పి, వారం గళ్లు గీసింది.

ఎక్కువసేపు ఉడకాల్సినవన్నీ రెండు రోజులకే కుదించింది, ఆదివారం, బుధవారం. శనగలు, రాజ్మా ముందురోజు రాత్రే నానేసేవాళ్లు. పొద్దున పెద్ద పొయ్యి ఒక్కసారే వెలిగించి, ఒక కుక్కరు దిగగానే ఆ వేడి పొయ్యి మీదే ఇంకొకటి ఎక్కించేవాళ్లు. కుక్కరులో అడుగున శనగలు, పైగిన్నెలో బంగాళాదుంపలు. విజిల్ రాగానే సన్నమంట. ఆపేశాక ఆవిరి దానంతటదే దిగేదాకా మూత తియ్యరాదు, ఆ వేడితోనే మిగతాది ఉడుకుతుంది. పక్క పొయ్యి మీద బొమికల చారు సన్నగా మరిగేది. మూడో దాని మీద వెడల్పాటి బాండీలో పది కిలోల ఉల్లిపాయలు, అల్లం, వెల్లుల్లి, టమాటాలు, నూనె తేలేదాకా వేగి ముద్దయ్యేవి.

మిగతా రోజుల వంటంతా వీటిలోంచే పుట్టుకొచ్చేది. సోమవారం ఆ ముద్దలో శనగలు కలిపితే పావుగంటలో కూర. మంగళవారం రాత్రి శనగలు ఉడికిన నీళ్లలో కూరగాయలు వేస్తే సూపు. ఇంకోరోజు అదే ముద్దలో ఉడికిన గుడ్లు. చారుతో అన్నం వండితే దానికి పక్కన ఇంకేదీ అక్కర్లేదు. మిగిలిన రాజ్మాను దుంపలతో మెదిపి పెనం మీద బిళ్లలు కాల్చేవాళ్లు. అన్నం మాత్రం పొద్దున డబ్బాలకీ, రాత్రి భోజనానికీ ఏ పూటకి ఆ పూటే.

మొదటి వారం తోడికోడలు తొందరపడి ఉడకని రాజ్మాలో టమాటా ముద్ద కుమ్మరించింది. గంటన్నర మరిగినా గింజ నలగలేదు. మంటమ్మ ఒంటికాలి మీద లేచింది.

"పులుపు తగిలితే గింజ బిగుసుకుంటుందే! మెత్తబడ్డాక కదా ముద్ద వెయ్యాల్సింది!"

"నాకేం తెలుసక్కా, రెండూ ఎలాగూ కలిపేవే కదా అని..."

"ఎలాగూ కలిపేవే! పెళ్లి ఎలాగూ చేసేదే అని పుట్టగానే చేస్తారా?"

ఇద్దరూ పకపకా నవ్వారు. ఆ వంటింట్లో అంత నవ్వు మళ్లీ వినపడలేదు.

ముద్దనూ గింజల్నీ వెడల్పాటి పళ్లేల్లో పల్చగా పరిచి, చల్లారగానే ఫ్రిజ్‌లో పెట్టడం తోడికోడలి పని. వేడివేడిగా లోతు గిన్నెలో మూతపెట్టి ఉంచితే నడిమి భాగం పులిసిపోతుంది. రెండు గంటలు దాటి బయట ఉండకూడదు, మూడు రోజులు దాటి లోపల ఉండకూడదు, బయటికి తీశాక తెర్ల కాగకుండా వడ్డించకూడదు. ప్రతి పళ్లెం మీదా ఆమె తేదీ రాసిన కాగితం అతికించేది. ఒక్కనాడూ ఒక్క అమ్మాయికి కడుపునొప్పి రాలేదు. పొయ్యి మీద తగ్గిన పనంతా కత్తిపీట దగ్గరా తొట్టి దగ్గరా పెరిగిందని ఆ ఇద్దరికే తెలుసు. పది కిలోల ఉల్లిపాయలు వాటంతటవి తరుక్కోవు కదా.

మూడో నెలకి తొమ్మిది సిలిండర్లు ఆరయ్యాయి. భోజనంలో తేడా తెలిసిన అమ్మాయి లేదు. మంటమ్మకు భూమ్మీద కాలు నిలవలేదు. ఆ క్యాలెండరు చుట్టి చంకలో పెట్టుకుని ఆఫీసు గదికి వెళ్లింది. ఇక్కడే ఆవిడ తప్పు చేసింది. ఆ తప్పు ఇంకెవరూ చేసేవాళ్లు కాదు, పొయ్యి చల్లగా ఉండటమే గొప్ప అనుకునే మనిషి తప్ప.

"నెలకి మూడు సిలిండర్లు మిగిల్చాం సార్. ఇది నా ఒక్కదాని పని కాదు. ఆ పిల్లని పర్మినెంటు చెయ్యండి, ఇంకేం అడగను" అంది.

మేనేజరు క్యాలెండరును తిప్పి తిప్పి చూశాడు. మొదటిసారి ఆవిణ్ని కుర్చీలో కూర్చోమన్నాడు. "అంటే ఇదివరకు రోజంతా పొయ్యి మండేది కదా?" అని అడిగాడు.

"రోజంతానా! ఇప్పుడు వారానికి నాలుగు మధ్యాహ్నాలు పొయ్యి ముట్టించే పనే లేదు సార్. చెయ్యి పెట్టి చూస్తే చల్లగా ఉంటుంది." ఆ మాట అంటుంటే ఆవిడ ముఖం వెలిగిపోయింది.

"నాలుగు మధ్యాహ్నాలు" అని మేనేజరు కాగితం మీద రాసుకున్నాడు. క్యాలెండరు తన దగ్గరే ఉంచమన్నాడు.

వారం తిరిగేసరికి ఆ గళ్లను కంప్యూటర్లో కొట్టించి, రంగులద్ది, కింద తన సంతకం పెట్టి హాలు గోడకు తగిలించాడు. ఆ సాయంత్రమే తోడికోడల్ని పిలిచి, నెలాఖరు దాకా వచ్చి తరవాత మానెయ్యమన్నాడు. నాలుగు పూటలు పొయ్యే వెలగని వంటింటికి ఇద్దరెందుకని ఆయన ప్రశ్న.

మంటమ్మ పరుగున వెళ్లింది. "తరగడం, ఏరడం, కడగడం, చల్లార్చి సర్దడం, ఇవన్నీ ఎవరు చేస్తారు సార్?" అని గొంతు చించుకుంది.

"మీరే చెప్పారు కదమ్మా, పని తగ్గిందని."

"గ్యాస్ తగ్గిందన్నాను! పని తగ్గిందనలేదు!"

ఆయనకు ఆ రెండింటికీ తేడా తెలియలేదు, తెలుసుకునే అవసరమూ లేదు. కావాలంటే పాత పద్ధతిలోనే వండుతానని బెదిరించింది. సిలిండర్లు ఇకమీదట ఆరే వస్తాయని, ఏజెన్సీకి అప్పుడే చెప్పేశానని ఆయన చల్లగా అన్నాడు.

తోడికోడలు ఏడవలేదు, తిట్టలేదు. ఏడ్చినా బాగుండేది. నెలాఖరు రోజున పళ్లేలన్నీ తోమి బోర్లించి, చేతులు తుడుచుకుంటూ, "నాలుగు పూటలు ఖాళీ అని నువ్వే చెప్పావంటగా అక్కా" అంది. మంటమ్మ "నీ కోసమే వెళ్లానే" అనబోయింది. ఆ మాట నిజమే అయినా, ఆ నిజం ఆ పిల్లకు పూట గడపదు. తలొంచుకుని గుమ్మంలోంచి తప్పుకుంది.

ఆ తరవాత ఇద్దరి పనీ ఒక్క ఒంటి మీద పడింది. ఆదివారం పొద్దున ఉల్లిపాయల ముందు కూర్చుంటే నడుం లేచేది కాదు. మణికట్లు వాచాయి. తలుపు మూసుకుని మేనేజర్నీ, క్యాలెండర్నీ, తన నోటినీ సమానంగా తిట్టుకునేది. వేరే ఊళ్ల నుంచి హాస్టళ్లవాళ్లు వచ్చి గోడ మీది రంగుల గళ్లను ఫోటోలు తీసుకుని వెళుతుంటే, మేనేజరు వాళ్లను వంటింట్లోకి కూడా తెచ్చి చూపించేవాడు. వాళ్లు ఆరిన పొయ్యిని మెచ్చుకునేవారు. వాళ్ల వంటిళ్లలో ఎంతమంది ఆడవాళ్లు ఉన్నారో అని మంటమ్మ లెక్కేసుకునేది. ఒకసారి ఉండబట్టలేక, "మీ దగ్గర వంటకి ఎంతమందమ్మా?" అని అడిగింది. "ప్రస్తుతానికి ముగ్గురు" అంది వచ్చినావిడ.

నాలుగు నెలల తరవాత ఒక మధ్యాహ్నం కూరగాయల మార్కెట్లో తోడికోడలు ఎదురుపడింది. ఇద్దరూ ఒకే ఉల్లిపాయల కుప్ప దగ్గర ఆగిపోయారు. మొహం తిప్పుకుని వెళ్లిపోతుందేమోనని మంటమ్మ భయపడింది. ఆమె వెళ్లలేదు.

"ఎక్కడ చేస్తున్నావే?"

"ఫ్యాక్టరీ క్యాంటీన్లో. నలుగురం వండుతాం."

"మరిది ఎలా ఉన్నాడు?"

"కర్ర పట్టుకుని లేస్తున్నాడు." ఉల్లిపాయలు ఏరుతూనే అంది, "అక్కడ సూపర్‌వైజరు అడిగాడక్కా. పాత చోట గ్యాస్ బాగా మిగిల్చారంటగా, ఇక్కడా చేసి చూపించమన్నాడు."

మంటమ్మ చేతిలో ఉల్లిపాయ అలాగే ఉండిపోయింది. "ఏం చెప్పావు?"

"నాకేం తెలీదన్నాను. అదంతా మా అక్క చూసుకునేదన్నాను." ఆమె గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "రోజూ పొద్దున్నే నాలుగు పొయ్యిలూ వెలిగిస్తాం. శనగలు రోజూ మొదట్నుంచీ ఉడకేస్తాం."

"నానబెట్టి?"

"నానబెట్టకుండా. రెండు గంటలు పడుతుంది. ఒకరు దాని దగ్గరే నిలబడాలి." అప్పుడు మొదటిసారి కళ్లెత్తి చూసింది. "ఆ నిలబడే ఆవిడకి ముగ్గురు పిల్లలక్కా."

ముప్ఫై ఏళ్లుగా ఎవరింట్లో మంట ఎక్కువైనా ఊరుకోని మనిషి నోరు తెరిచింది. ఎంత గ్యాస్ తగలబడుతోందో ఆవిడ లోపల లెక్క కట్టేసింది కూడా. ఆ రెండు గంటలూ కళ్ల ముందు మండాయి.

"అలాగే ఉడకెయ్యి" అంది. "నానబెట్టకు."