నేను తీసేసిన వాక్యం

పద్మారావు నగర్‌లో మా ఆఫీసు రెండు గదులది. దుకాణాలకూ, క్లినిక్‌లకూ, స్కూళ్లకూ ఫేస్‌బుక్‌లోనూ వాట్సాప్‌లోనూ పెట్టుకునే పోస్టులు తయారుచేస్తాం. బొమ్మ ఒకరిది, దాని కింద రాసే మాట నాది. ఆ మాట సగం సార్లు ఇంగ్లీషులోంచి మెషీన్ దింపిన తెలుగులో వస్తుంది. దాన్ని మనుషులు మాట్లాడుకునే తెలుగులోకి మార్చడం నా పని. ఇరవై ఏళ్లుగా అదే చేస్తున్నాను.

మా డిజైనర్ అల్వాల్ నుంచి వచ్చేది. నలభై దగ్గర పడ్డ మనిషి. ఒక పళ్ల డాక్టరు పంపిన క్యాప్షన్ చదివి ఒకసారి గట్టిగా నవ్వింది. "'మీ చిరునవ్వును మాతో అనుభవించండి' అట. ఏంది సార్ గిది? పండ్లు పీకుతరా, సమన్లు పంపుతరా?"

"మీరైతే ఎలా అంటారు?" అన్నాను.

"పన్ను నొస్తుందా, రాండ్రి, సూస్తం. అంతే."

అదే రాశాను. డాక్టరుకు నచ్చింది. నా పద్ధతి అంతకంటే పెద్దదేమీ కాదు. మాట ఎవరి నోట్లోంచి రావాలో ముందు అనుకుంటాను. కళ్లు మూసుకుని వాళ్ల గొంతులో పైకి చదువుతాను. నాలుకకు అడ్డుపడ్డదల్లా తీసేస్తాను. తీసేయడంలో నాకు మంచి పేరుంది.

మా డిజైనర్ తల్లికి మతిమరుపు జబ్బు. భర్త పోయాక ఆ తల్లి కూతురి ఇంట్లోనే ఉండేది. రెండు వీధుల అవతల కొడుకు. ఒకరోజు పొద్దున కూతురు స్నానానికి వెళ్లిన పది నిమిషాల్లో ఆ తల్లి గేటు తీసుకుని బయటికి వెళ్లిపోయింది. పోలీసు స్టేషన్‌లో చెప్పారు. కూతురు గల్లీలన్నీ వెతుకుతోంది. ఫొటో తీసుకుని కొడుకు మా ఆఫీసుకు వచ్చాడు. ముప్పై అయిదేళ్లుంటాయేమో. చొక్కా గుండీలు తప్పుగా పెట్టుకుని ఉన్నాడు.

"అక్క మీ కాడికి పొమ్మన్నది సార్. అందరికి పంపేటట్టు ఒకటి చేసియ్యుండ్రి. నేను సుత రాస్త."

నా కంప్యూటర్ ముందు కూర్చోబెట్టాను. నెట్‌లో తప్పిపోయినవాళ్ల కోసం ఇంగ్లీషు నమూనా ఒకటి దొరికింది. అందులో తల్లి వివరాలు నింపాడు, తెలుగులోకి మార్చే పేజీలో పెట్టాడు, వచ్చినదాన్ని నా ఫైల్లో అతికించాడు. మధ్యలో రెండుసార్లు అక్క ఫోన్ చేసింది. ఇది రాయి, అది రాయి అని చెబుతోంది. అతను "ఆఁ, రాసిన, రాసిన" అంటున్నాడు.

ఆ తెలుగు ఇప్పటికీ నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "మా తల్లి తప్పిపోయినట్లుగా నివేదించబడ్డారు. ఆమె చివరిసారిగా అల్వాల్ ప్రాంతంలో ఆకుపచ్చ చీరను ధరించి ఉండగా చూడబడ్డారు. ఆమె జ్ఞాపకశక్తి సంబంధిత సమస్యను కలిగి ఉన్నారు. ఆమె అపరిచితులచే తాకబడుటను సహించరు. దయచేసి దూరాన్ని నిర్వహించండి. ఏదైనా సమాచారం ఉన్నట్లయితే దిగువ ఇవ్వబడిన నంబరును సంప్రదించగలరు."

"నేను చూసుకుంటాను, మీరు వెళ్లి వెతకండి" అన్నాను.

లేచి గుమ్మం దాకా వెళ్లి ఆగాడు. "అన్ని ఒచ్చినయా సార్?"

"వచ్చాయి."

అతను వెళ్లాక రాయడానికి కూర్చున్నాను. కూతురి గొంతు తలుచుకున్నాను. కన్నతల్లి గురించి ఎవరైనా 'నివేదించబడ్డారు' అంటారా? మొదటి వాక్యం కొట్టేసి 'ఈమె మా అమ్మ' అని రాశాను. అక్కడినుంచి మాట దానంతటదే నడిచింది.

"ఈమె మా అమ్మ. పొద్దుగాల అల్వాల్‌ల ఇంట్లకెల్లి బయటికి పోయింది, మళ్ల రాలేదు. ఆకుపచ్చ చీర కట్టుకుంది. మతిమరుపుంది, ఇల్లు యాదికుండదు. మీకు యాడన్న కనబడితే అమ్మా అని పిలిచి, చెయ్యి పట్టుకొని జెర కూసోబెట్టుండ్రి. మాకు ఫోన్ చెయ్యుండ్రి, ఉరికొస్తం."

అపరిచితులు తాకడం గురించిన వాక్యం నాకు కనబడలేదని కాదు. చూశాను. 'దూరాన్ని నిర్వహించండి' దగ్గర నవ్వు కూడా వచ్చింది. దాన్ని మామూలు మాటల్లో 'ముట్టుకోకుండ్రి, బెదురుతది' అని రాయొచ్చు, అంతే పని. ఆ ముక్క తట్టింది కూడా. కానీ అలా రాస్తే చదివినవాళ్లు ఆమెను చూసి జంకుతారేమో, దగ్గరికి రారేమో అనిపించింది. అంతకంటే నిజం ఏమిటంటే, ఆ మాట పెడితే నా క్యాప్షన్‌లో వెచ్చదనం చెడిపోతుంది. అందుకని తీసేశాను. దాని చోట చెయ్యి పట్టుకోమని రాశాను. అతని వాక్యాల మీదే నావి రాసి ఫైల్ సేవ్ చేశాను.

కూతురికి ఫోన్‌లో చదివి వినిపించాను. ఎక్కడో రోడ్డు మీద ఉంది, బస్సు హారన్లు వినబడుతున్నాయి. 'ఈమె మా అమ్మ' దగ్గరే ఏడుపు మొదలుపెట్టింది. చివరిదాకా ఎంత విన్నదో తెలియదు. "మా ఇంట్ల మాట లెక్కనే ఉంది సార్. పంపుండ్రి" అంది.

గంటన్నరలో ఆ పోస్టు ఎంత తిరిగిందంటే, నాకు అసలు పరిచయంలేని గ్రూపుల నుంచి నాకే మళ్లీ వచ్చింది. మధ్యాహ్నం రెండు దాటాక తిరుమలగిరిలో ఒక ఆటో డ్రైవరు ఆమెను గుర్తుపట్టాడు. బస్టాపు దగ్గర ఫుట్‌పాత్ అంచున నిలబడి ఉందట. ఆటో పక్కకు ఆపి, దగ్గరికి వెళ్లి, అమ్మా అని పిలిచి చెయ్యి పట్టుకున్నాడు. ఆమె కేక పెట్టి చెయ్యి విదిలించుకుంది, వెనక్కి వెనక్కి పోయి అంచు మీంచి రోడ్డు మీద పడింది. తుంటి ఎముక విరిగింది.

నేను ఆస్పత్రికి వెళ్లేసరికి ఆటో డ్రైవరు ఇంకా అక్కడే ఉన్నాడు. బెంచీ మీద కూర్చోకుండా గోడకు ఆనుకుని నిలబడ్డాడు. అతని ఫోన్‌లో నా పోస్టు తెరిచే ఉంది. వచ్చినవాళ్లందరికీ అది చూపిస్తున్నాడు. "గిండ్ల ఎట్ల రాసిండ్రో గట్లనే చేసిన సార్. గట్టిగ సుత పట్టలే. సూడుండ్రి, గిట్ల పట్టిన" అని తన చేత్తో తన మణికట్టునే పట్టుకుని చూపించాడు.

లోపలినుంచి కూతురు వచ్చింది. వస్తూనే తమ్ముడి మీద పడింది. "రెండు సార్లు ఫోన్ చేసి చెప్పిన గదరా! ముట్టుకోవద్దని రాయి, దూరం ఉండాలె అని రాయి అని. మనమే ముందలికెల్లి పోయి, కూసొని, చెయ్యి సాపితేగాని ఒస్తదా అమ్మ? నీకు ఎర్కలేదా?"

"రాసిన అక్కా."

"యాడ రాసినవ్? సూపియ్యి. ఏదీ?"

అతను ఆటో డ్రైవరు ఫోన్ తీసుకుని మొదటినుంచి చదివాడు. మళ్లీ చదివాడు. తర్వాత నా వైపు చూశాడు.

"సార్, నేను రాసిన గద? మీ కంప్యూటర్ల?"

ముగ్గురూ నా వైపే చూస్తున్నారు. నాకు ఆ వాక్యం కళ్లముందే ఉంది. "ఏమోనండీ, హడావుడిలో ఉన్నాం కదా. నాకు సరిగ్గా గుర్తులేదు" అన్నాను.

అతను ఫోన్ ఆటో డ్రైవరుకు తిరిగి ఇచ్చేశాడు. తర్వాత తనలో తను అన్నట్టు, "రాసిన అనే అనుకున్న. రాయలేదేమో" అన్నాడు.

ఆపరేషన్ అయింది. ఆ తల్లి మళ్లీ లేవలేదు, నాలుగు నెలలకు పోయింది. ఆ నాలుగు నెలలూ అక్క తమ్ముడితో అవసరానికి తప్ప మాట్లాడలేదు. చావు దగ్గర చుట్టాలు అతన్ని చూపిస్తూ గుసగుసలాడుకోవడం విన్నాను. "ఒక్క మాట రాయమంటే రాయలేదట." పదకొండోరోజు భోజనాల్లో కూతురు నా విస్తరి దగ్గరికి వచ్చి అందరిముందూ, "సార్ రాసిన మాటకే అమ్మ ఒక్క పూటల దొరికింది" అంది. అప్పుడైనా చెప్పాల్సింది. చెప్పలేదు.

ఆ పోస్టు ఆ తల్లితోపాటు పోలేదు. కొన్ని నెలలకోసారి ఎవరో మంచి మనసుతో దాన్ని మళ్లీ పంపుతారు. 'ఈమె మా అమ్మ' అని నా ఫోన్‌లో హఠాత్తుగా వెలుగుతుంది. ఫొటోలోంచి ఆమె నన్నే చూస్తూ ఉంటుంది. కింద ఉన్న నంబరు తమ్ముడిది. జనం అతనికి ఫోన్ చేసి "అమ్మ దొరికిందా?" అని అడుగుతారట. ఆఫీసులో అతని అక్కే చెప్పింది, మొహం పక్కకు తిప్పుకుని. రద్దీ బస్సులో ఎవరైనా ముసలామె పక్కన నిలబడితే నా చేతులు వెనక్కి పెట్టుకుంటున్నాను. పళ్ల డాక్టరు మాటలైనా, చీరల దుకాణం మాటలైనా, ఏది దిద్దుతున్నా ఏం తీసేశానా అని వేలు ఆగిపోతుంది. పది లైన్ల పనికి పూట పడుతోంది.

గత నెల పోస్టు మళ్లీ వచ్చింది. ఈసారి మా అపార్ట్‌మెంట్ గ్రూపులో. కింద ఎవరో "ఎంత బాగా రాశారు, కళ్లు చెమర్చాయి" అని పెట్టారు. ఆ సాయంత్రమే అల్వాల్ వెళ్లి తమ్ముడి తలుపు కొట్టాను. నిలబడే చెప్పేశాను. మీరు రాశారు. నేను చూసి తీసేశాను. గుర్తులేదన్నది అబద్ధం.

అతను అరుస్తాడనుకున్నాను. కుర్చీ జరిపి కూర్చున్నాడు. "రాసినట్టు నాకు కనబడేది సార్. అక్క మొహం సూస్తే రాయలేదేమో అనిపిచ్చేది. నాకు సుత అమ్మ బీమారే ఒచ్చిందేమో అని పరేషాన్ అయ్యేది."

"నన్ను క్షమించండి" అన్నాను.

"నాకు చెప్తే ఏం ఫాయిద సార్? అక్కకు చెప్పుండ్రి. మా చుట్టాలకు చెప్పుండ్రి. గా పోస్టు యాడెక్కడ తిరిగిందో గాడ పెట్టుండ్రి."

అక్కకు మర్నాడు ఆఫీసులో చెప్పాను. పూర్తిగా విన్నది. "నేను ఫోన్‌ల సరిగ ఇనలేదు సార్, నాది సుత ఉంది" అంది మొదట. తర్వాత, "కని దవాఖానల తమ్ముడు మిమ్మల్ని అడిగిండు" అంది. బ్యాగు తీసుకుని వెళ్లిపోయింది. మళ్లీ పనికి రాలేదు. నా ఫోన్ ఎత్తదు. తమ్ముడి ఇంటికి మాత్రం ఆ రోజే పోయిందట.

గ్రూపుల్లో పెట్టడానికి రాసింది తీసుకుని ఆదివారం అతని దగ్గరికి వెళ్లాను. నాలుగుసార్లు తిరగరాశాను. మొదటివి మరీ బాగా వచ్చాయి, చదివితే నా మీదే జాలి కలిగేలా ఉన్నాయి. అవి చింపేశాను. చివరికి మిగిలింది మూడు వాక్యాలు. "అమ్మను ముట్టుకోవద్దని ఆమె కొడుకు రాశాడు. పోస్టు దిద్దేటప్పుడు ఆ మాట నేను పొరపాటున తీసేశాను. అడిగితే గుర్తులేదని అబద్ధం చెప్పాను."

అతను కాగితం ఒళ్లో పెట్టుకుని వేలు పెట్టి చదివాడు. రెండో వాక్యం దగ్గర వేలు ఆగింది.

"పొరపాటున ఎందుకు సార్? సూసే తీసిన అన్నరు గద."

జేబులోంచి పెన్ను తీసి ఆ మాట కొట్టేశాడు. కాగితం నాకిచ్చి, "ఇగ పంపుండ్రి" అన్నాడు.