చినతిరుపతి స్వామి పేరు

భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువుల్లో ఆక్సిజన్ కొలిచే మీటర్లు బిగించడం హారతి పని. ఆ ఉదయం సూర్యావతిగారు ఫోన్ చేశారు. కరెంటు పోయి వచ్చి, చెరువు గట్టు మీది మీటరును నడిపే చిన్న బోర్డు కంప్యూటర్లో మెమరీ కార్డు పాడైంది. మబ్బు పట్టిన రోజు నీళ్ళలో ఆక్సిజన్ తగ్గుతుంది. అలారం లేకపోతే ఆక్సిజన్ పడిపోయినా తెలియదు, తెల్లారేసరికి రొయ్య చచ్చి తేలిపోతుంది. ఆవిడ భర్త రాజుగారు తిరుమల క్యూలో ఉన్నారు, ఫోన్ కౌంటర్లో ఇచ్చేశారు.

"వైఫై పాస్‌వర్డు ఏంటండీ?"

"మా వారి పేరేనమ్మా, ఇంగ్లీషు చిన్నక్షరాల్లో."

"ఆయన పేరేంటండీ?"

"నా నోటితో ఎలా చెప్పనే తల్లీ! చినతిరుపతి స్వామి పేరు, చివర రాజు."

వైఫై పేరు ఆవిడ ఫోన్‌లో చూసి చదివారు. హారతి ఆఫీసులోనే కార్డు మీద సిస్టమ్ రాసింది. తెరా కీబోర్డూ లేని బోర్డు కాబట్టి వైఫై వివరాలు, బయటినుంచి లాగిన్ అయ్యే అనుమతి ముందే అందులో పెట్టాలి. చినతిరుపతిలో ఉన్నదీ వెంకటేశ్వరస్వామే కదా అని, పాస్‌వర్డు దగ్గర వెంకటేశ్వరరాజు అని ఇంగ్లీషులో కొట్టింది. కార్డు కళ్ళకద్దుకుని స్కూటీ ఎక్కింది.

గట్టు మీది షెడ్డులో బోర్డుకు కార్డు పెట్టి కరెంటు ఇచ్చింది. ఎర్రలైటు వెలిగింది, పచ్చది మిణుకుమంది. ఈలోగా ల్యాప్‌టాప్‌ను అదే వైఫైకి కలపబోతే పాస్‌వర్డు తప్పంది. అంటే బోర్డుకూ దారి లేదు. ఏం తప్పో చెప్పుకోవడానికి దానికి తెర లేదు.

సూర్యావతిగారు మజ్జిగ గ్లాసు చేతికిచ్చారు. "ముందు ఇది తాగు. ముఖం వాడిపోయింది."

"వెంకటేశ్వరరాజుగారు కాదాండీ?"

ఆవిడ నవ్వుతూ తలూపారు. "కాదు."

"గోవిందరాజుగారా?"

"కాదమ్మా. స్వామికి ఆ రెండు పేర్లేనా?"

"బాలాజీరాజు?"

"రాముడో! ఆ పేరు మావాళ్ళెవరూ పెట్టరు."

"శ్రీనివాసరాజు?"

"ఆయ్!" అని చెంగు నోటికడ్డం పెట్టుకున్నారు. "నేను చెప్పలేదు సుమా. నువ్వే అన్నావు."

ల్యాప్‌టాప్ ఆ పేరుతో వైఫైకి కలిసింది. హారతి బోర్డు ఆపి, కార్డు తీసి, ఈసారి సరైన పాస్‌వర్డుతో మొదటినుంచీ రాసింది. తర్వాత విండోస్ అలవాటుగా కార్డు చెరిపేసి ఫార్మాట్ చేయమంటావా అని అడిగితే వద్దంది. కార్డు మళ్ళీ బోర్డులో పెట్టి, కొత్త సిస్టమ్ మొదటిసారి లేస్తుంది కదా అని కాస్త ఆగింది. లాగిన్ అయింది. మీటరు ప్రోగ్రాం పంపి నడిపితే తెర మీద అంకె వచ్చింది: 3.6.

"అమ్మా, ఆక్సిజన్ నాలుగు కంటే తక్కువుంది, రొయ్యకు ప్రమాదం!"

సూర్యావతిగారు షెడ్డు గుమ్మంలోకి పరుగున వెళ్ళి, కూలీని కేకేశారు. "పల్లంరాజూ! ఏరేటర్లు వెయ్యరా, అన్నీ వెయ్యి!"

నీళ్ళలో గాలి కలిపే ఆ ఏరేటర్ల చక్రాలు నీటిని చిమ్మడం మొదలెట్టాయి. ఆవిడ చేతులు జోడించి అక్కడే నిలబడ్డారు. చాలాసేపటికి అంకె 3.7 అయింది. అప్పుడు హారతి మిగిలిన మజ్జిగ తాగింది.