ఏ పూట బయలుదేరావు?

ఆసుపత్రి దుప్పట్లు ఉతికే మా లాండ్రీలో హాజరు లెక్కలు మా వదిన చూస్తుంది. డ్యూటీలు వేసేది నేను. ఇంట్లో ఆమె మాటకు ఎదురు చెప్పను గానీ, ఇక్కడ మాత్రం రోజూ గొడవే.

ఆ శనివారం మధ్యాహ్నం బాయిలర్ నడిపే బాబాయి వదిన గదికి వచ్చి కుర్చీలో కూలబడ్డాడు. సోమవారం నుంచి ఐదు రాత్రులు వరసగా చేశాడు.

"ఇవాళ నా వల్ల కాదమ్మా. మీటరు చూస్తుంటే కళ్ళు మూసుకుపోతున్నాయి."

నాకు ఒళ్ళు మండింది. "వారానికి నలభై ఎనిమిది గంటలు దాటితే ఓటీ. ఓటీ పన్నెండు గంటల దాకా చెయ్యొచ్చు. కంప్యూటర్లో నీకు ఇప్పటికి అరగంటే ఓటీ ఉంది బాబాయ్! ఇవాళ చేసినా పది దాటదు."

వదిన తెర వైపు చూడలేదు. ఎవరొచ్చినా ఆమె మొదట అడిగే ప్రశ్నే అడిగింది. "సోమవారం డ్యూటీకి ఏ పూట బయలుదేరావు బాబాయ్?"

"సాయంత్రమేనమ్మా. ఏడూ యాభై మూడుకు కార్డు గీశా. పొద్దున ఆరూ ముప్పై ఏడుకు దిగా. మిగతా రాత్రులూ దాదాపు అంతే."

"దగ్గరి పావుగంటకు సర్దితే ఎనిమిది నుంచి ఆరున్నర. పదిన్నర గంటలు. జీతం లేని విరామం అరగంట తీసేస్తే పది. ఐదు రాత్రులకు యాభై. నిన్నటి డ్యూటీలో గంట ఎక్కువున్నావు కాబట్టి యాభై ఒకటి."

"మరి కంప్యూటరు నలభై ఎనిమిదిన్నర అంటోందే?" అన్నాను.

అప్పుడు తెర చూసింది. "అర్ధరాత్రి తేదీ మారగానే ఇది ఒక్క డ్యూటీని రెండు డ్యూటీలనుకుంటోంది. విరామం డ్యూటీకోసారి కొయ్యమని పెట్టింది నేనే. రాత్రికి రెండుసార్లు కోసేసింది. మొదలైన రోజుకే డ్యూటీ మొత్తం కట్టమని చెప్పాల్సింది. తప్పు నాదే."

ఒక్కో రాత్రీ అరగంట చొప్పున రెండున్నర గంటలు మాయం. ఇవాళ కూడా చేస్తే అరవై ఒకటి, అంటే ఓటీ పదమూడు. హద్దు దాటేది. నిద్ర లేని మనిషిని ఆవిరి ముందు కూర్చోబెట్టబోయాను! పైవాళ్ళు ఏమంటారోనని వదిన జంకలేదు. రాత్రి డ్యూటీలన్నీ మొదటి నుంచి తిరగలెక్క కడతానంటూ ఆమె అప్పుడే మేనేజరుకు ఫోన్ చేసి చెప్పేసింది.

"మరి బాయిలరు?" అని అరిచాను.

"ష్..." అంది వదిన. బాబాయి కూర్చున్నవాడు కూర్చున్నట్టే నిద్రపోయాడు. టోపీ చేతిలోంచి జారుతోంది. ఆమె దాన్ని అందుకుని బల్ల మీద పెట్టి, నా వైపు తిరిగింది.

"నీకు లైసెన్సుందిగా? ముందు చెప్పు, రాత్రి నిద్రపోయావా? ఈ వారం నీ గంటలెన్నో చూడనీ."

పదేళ్ళుగా ఈ లాండ్రీలో అరవడమే తప్ప నాకు ఇంకో గొంతు లేదు. "పోయాను వదినా," అని గుసగుసగా చెప్పి, ఆమె నా గంటలు చూసి సరేనన్నాక డ్యూటీ పట్టీలో బాబాయి పేరు కొట్టేసి నా పేరు రాసుకున్నాను.