మర్యాదైన జబ్బు కావాలి

ధర్మవరంలో ఆంజనప్పకు రెండు మగ్గాలుండేవి, సెంటు భూమి లేదు. అలాంటివాడు కొడుకును వ్యవసాయం చదవడానికి పంపినప్పుడు వీధి వీధంతా ముక్కున వేలేసుకుంది.

"మీవాడు యాడ పండిస్తాడప్పా, మగ్గం గుంతలోనా?" అని అడిగినవాళ్లకు ఆయన దగ్గర జవాబు సిద్ధంగా ఉండేది. "ఆఫీసరు పండించడబ్బా. పండించేటోళ్లకు ఎట్ల పండించాలో చెప్తాడు." ఆ మాటలో అబద్ధమేమీ లేదు కాబట్టి ఎవరూ ఎదురు చెప్పలేకపోయారు.

కొడుకు పేరు చెన్నకేశవులు. బక్కపలచని మనిషి, మాట తక్కువ. అతను చేరిన కాలేజీలో అప్పుడే సెమిస్టర్లని కొత్త పద్ధతి పెట్టారు. ఏడాదికొక పరీక్ష రాసి బతికిపోయే కాలం పోయి, ఏడాదిని రెండు ముక్కలు చేసి దేనికది పరీక్ష పెట్టడమన్నమాట. ఏ ముక్కలో హాజరు తగ్గినా పరీక్షకు రానివ్వరు. అనుమతి లేకుండా మానేస్తే పేరు కొట్టేస్తారు. దేశం ముందుకు పోవాలంటే ఇలాంటివి కొన్ని తప్పవని ప్రిన్సిపాలు మొదటిరోజే చెప్పాడు.

రెండో ఏడు దసరా సెలవులకు చెన్నకేశవులు దగ్గుతూ దిగాడు. తల్లి అలివేలమ్మ మిరియాల కషాయం కాచింది. తండ్రి తాయెత్తు కట్టించాడు. ఈ రెంటికీ లొంగని దగ్గు ఒకనాడు తువ్వాలు మీద నెత్తురు చూపించేసరికి గవర్నమెంటాసుపత్రికి తీసుకుపోయారు. అక్కడి డాక్టరు కఫం పరీక్ష చేయించాడు, అనంతపురం పంపి ఎక్స్‌రే తీయించాడు, ఆ తర్వాత తండ్రీకొడుకులను కూర్చోబెట్టి చెప్పాడు.

"క్షయ. భయపడాల్సింది లేదు, ఇప్పుడు మంచి మందులున్నాయి. సూదులు వేస్తాం, మాత్రలు ఏడాదికి పైగా మింగాలి. హాస్టల్లో నలుగురితో ఒక గదిలో పడుకునేది మాత్రం ఇప్పట్లో కుదరదు. ఈ సెమిస్టరు వదిలేస్తానని యూనివర్సిటీ రిజిస్ట్రారుకు రాయండి. నేను సర్టిఫికెట్టిస్తా."

ఆంజనప్పకు "భయపడాల్సింది లేదు" అన్నది వినబడలేదు. మొదటి మాట వినబడింది, అంతే. ఆసుపత్రి గేటు దాటగానే కొడుకు చెయ్యి పట్టుకున్నాడు.

"ఆ మాట నీ నోట్లోంచి రాకూడదు. మన ఇంట్లో నేసేవి పెండ్లి చీరలు. క్షయ ఉండే ఇంట్లో నేసిన చీర ఏ పెండ్లికూతురు కట్టుకుంటుంది?"

"రిజిస్ట్రారు చీరలు కొనడు కదా నాయనా."

"ఆయనకు పెండ్లాం ఉంటాది."

దీనికి జవాబు చెప్పబోయిన చెన్నకేశవులుకు దగ్గొచ్చింది.

ఉత్తరం రాయడానికి పెనుకొండ పోయారు. అక్కడ అలివేలమ్మ చిన్నాయన శ్రీరాములు ఉండేవాడు. సబ్ కలెక్టరాఫీసులో గుమాస్తాగా చేసి రిటైరైన మనిషి. ఇంగ్లీషు దొరలు దేశం విడిచి ఇరవై ఏళ్లవుతున్నా వాళ్ల ఇంగ్లీషును మాత్రం తన దగ్గరే వదిలిపెట్టి పోయారని ఆయన నమ్మకం. విషయం వినగానే కళ్లజోడు తుడుచుకున్నాడు.

"జబ్బు పేరు రాయనక్కర్లేదు అల్లుడా. పెద్ద ఆఫీసుకు రాసేటప్పుడు జబ్బులు, నొప్పులు అని ముతకగా రాయకూడదు. ధోరణి ముఖ్యం."

ధోరణి నాలుగు పేజీలు వచ్చింది. మొదటి పేజీలో రిజిస్ట్రారు దయాగుణ వర్ణన. రెండో పేజీలో తన సర్వీసు, తనను మెచ్చుకున్న దొరల పేర్లు. మూడో పేజీలో ధర్మవరం పట్టు ప్రశస్తి. నాలుగో పేజీ అడుగున, విధివశాత్తు కలిగిన దేహ బలహీనత వల్ల కుర్రవాడికి కొంతకాలం విశ్రాంతి దయచేయించవలెనని ఒక వాక్యం. ఆ వాక్యం కింద చెన్నకేశవులు సంతకం పెట్టాడు. పెట్టేముందు "ఎంతకాలమో రాయలేదు తాతా" అన్నాడు.

"అది వాళ్ల ఔదార్యానికి వదిలేయాలి నాయనా. మనం కొలిచి అడిగితే మర్యాద కాదు."

ఔదార్యం రెండు వాక్యాల్లో తిరిగొచ్చింది. దరఖాస్తు నేరుగా పంపకూడదు, కాలేజీ ప్రిన్సిపాలు ద్వారా రావాలి. జబ్బు ఏదో, ఎంతకాలం సెలవు కావాలో రాసి, డాక్టరు సర్టిఫికెట్టు, సంరక్షకుడి సంతకం జతచేయాలి. శ్రీరాములుకు అనుమతి రాలేదని బాధ లేదు. నాలుగు పేజీలకు రెండు వాక్యాల జవాబా అని ఆయన రెండు రోజులు సరిగా అన్నం తినలేదు.

ఇక హిందూపురం బావ రంగప్ప రంగంలోకి దిగాడు. ఆంజనప్ప చెల్లెలి మొగుడు, చీరల వ్యాపారి. ఆంజనప్ప నేసినవన్నీ రంగప్ప అంగడికే పోయేవి. లోకంలో ప్రతి పనికీ ఒక మనిషి ఉంటాడనీ, ఆ మనిషి తనకు తెలిసే ఉంటాడనీ ఆయన సిద్ధాంతం. సర్టిఫికెట్ల మనిషి బజారు చివర ఒక మేడ మీద ఉన్నాడు. బోర్డు మీద పేరు వెనక నాలుగైదు అక్షరాలున్నాయి కానీ అవి ఏ చదువువో అడిగినవాడు లేడు. ఆయన చెన్నకేశవులు నాడి చూడలేదు. చేతిలో కలం పట్టుకుని అడిగాడు.

"ఏం జబ్బు కావాలి?"

"మర్యాదైంది కావాల" అన్నాడు రంగప్ప, పట్టుచీర బేరమాడే గొంతుతో. "పెద్దింటోళ్లకు వచ్చేది."

"చక్కెర జబ్బు రాయమంటారా?"

"అది ముసిలోళ్ల జబ్బు. పిల్లోనికి పిల్లనిచ్చేటోళ్లు వెనక్కి పోతారు."

"మూర్ఛ?"

"రామ రామ!"

అక్కడున్న జబ్బులన్నీ విప్పి చూసి, చివరికి టైఫాయిడు ఖాయం చేశారు. ఎవరికైనా వస్తుంది, తగ్గిపోతుంది, పెళ్లికి అడ్డు రాదు. పక్కనే ఉన్న చెన్నకేశవులు ఊపిరి బిగబట్టుకుని కూర్చున్నాడు. టైఫాయిడు రోగి దగ్గితే బాగుండదని మామ ముందే చెప్పి తెచ్చాడు.

ఈసారి కాగితం ప్రిన్సిపాలు ద్వారానే పోయింది. అది రిజిస్ట్రారు దాకా పోనవసరం కూడా లేకపోయింది. టైఫాయిడుకు సెమిస్టరు వదలనక్కర్లేదు, మూడు వారాలు సెలవిస్తున్నాం, తర్వాత వచ్చి చేరకపోతే హాజరు చాలదు, పరీక్షకు అనుమతి ఉండదు అని ప్రిన్సిపాలే రాశాడు. మర్యాదైన జబ్బుతో వచ్చిన చిక్కు అదే. అది ఎక్కువ రోజులుండదు.

"కాలు విరిగిందని రాద్దాం" అన్నాడు రంగప్ప, జవాబు పట్టుకుని మళ్లీ హిందూపురం వచ్చిన తండ్రీకొడుకులతో, ఓడిపోని మనిషి కనుక.

చెన్నకేశవులు అప్పుడు నవ్వాడు. నవ్వు దగ్గులో కలిసి, ఆ దగ్గు ఎంతసేపటికీ ఆగక, గోడ పట్టుకుని కూలబడ్డాడు. తనకున్న జబ్బుకు మందు తనకు దొరుకుతోంది. లేని జబ్బులకు మందు వెతకడంలోనే చదువు పోయేలా ఉంది. ఆ సాయంత్రమే ఒంటరిగా రైలెక్కి ధర్మవరం వచ్చేశాడు. పొద్దున సూదికని ఆసుపత్రికి పోయినవాడు సర్టిఫికెట్టు అడిగాడు.

డాక్టరు అతని ముఖంలోకి చూశాడు. "ఉన్నదున్నట్టు రాస్తా. మీ నాయనకు ఇష్టమేనా?"

"నాకు ఇష్టం సార్."

ఇంటికొచ్చి ఉత్తరం తానే రాశాడు. ప్రిన్సిపాలు గారి ద్వారా రిజిస్ట్రారు గారికి. నాకు ఊపిరితిత్తుల క్షయ ఉన్నది. ఇంతకుముందు టైఫాయిడు అని పంపిన కాగితం నిజం కాదు, అందుకు క్షమించండి. ఈ సెమిస్టరు వదలడానికి అనుమతి ఇప్పించండి. నయమైనట్టు డాక్టరు చెప్పాక తిరిగి చేరుతాను. గవర్నమెంటు డాక్టరు సర్టిఫికెట్టు జతచేశాను. రాయడానికి పదినిమిషాలు పట్టలేదు. శ్రీరాములు చూసి ఉంటే ఇందులో ధోరణి ఎక్కడని ఏడ్చేవాడు.

మిగిలింది సంరక్షకుడి సంతకం. ఆంజనప్ప మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని కూర్చుని, కాగితం చదివించుకుని విన్నాడు. విని, పోగు చుట్టిన నాడెను మగ్గంలోకి మళ్లీ విసిరాడు.

"పెట్టను. నువ్వు సంతకం అడిగేది కాగితం మీద కాదురా, నా మగ్గం మీద."

"పెట్టకుంటే పేరు కొట్టేస్తారు నాయనా. చదువు పాయె, జబ్బు మిగిలె. అప్పుడు రెండూ నీ మగ్గం కాడనే కూర్చుంటాయి."

నాడె ఆగింది గానీ చెయ్యి కాగితం వైపు రాలేదు. అప్పుడు వంటింట్లోంచి అలివేలమ్మ వచ్చింది. మొగుడి మాటకు అడ్డం రాని ఇల్లాలని ఆమెకు వీధిలో మంచి పేరు. ఆరోజు ఆ పేరు పోగొట్టుకుంది.

"ఎవరికి దాస్తాండావు నువ్వు? ఈ గోడలు మట్టివి. వీని దగ్గు పక్కింటి చౌడేశ్వరి రెండు నెల్లుగా వింటాండాది. నిన్న తులసాకు తెచ్చిచ్చిపోయె. క్షయకు తులసి మంచిది అత్తా అని ఆ మాట కూడా చెప్పిపోయె. తెలియనిది ఆ రిజిస్ట్రారుకొక్కనికే. ఆయప్పకు తెలిస్తేనే పని అయ్యేది. పెట్టు."

ఆంజనప్ప కొంతసేపు భార్యను, కొంతసేపు పక్కింటి గోడను చూశాడు. గుంతలోంచి లేవకుండానే చెయ్యి చాపి కలం అందుకున్నాడు.

జవాబు ప్రిన్సిపాలు ద్వారా వచ్చింది. సెమిస్టరు వదలడానికి రిజిస్ట్రారు అనుమతించాడు. అయితే ఆ పాఠాలు మళ్లీ మరుసటి ఏడే చెబుతారు కాబట్టి, అప్పుడు కింది తరగతితో కలిసి చేరాలి. వచ్చేటప్పుడు ఆరోగ్యంగా ఉన్నట్టు డాక్టరు కాగితం తేవాలి. తప్పుడు సర్టిఫికెట్టు మళ్లీ పంపితే చర్య తీసుకుంటామని ప్రిన్సిపాలు సొంతంగా ఒక హెచ్చరిక చేర్చాడు.

"ఆరు నెలలు అడిగితే ఏడాది ఇచ్చిరి" అన్నాడు ఆంజనప్ప. "గవర్నమెంటోళ్లు ఇంత చెయ్యి విడిచి ఇయ్యడం నేను చూడలేదబ్బా."

సంగతి బయటపడ్డాక రంగప్ప మాత్రం చీరలు తీసుకోవడం మానేశాడు. బంధుత్వం వేరు, వ్యాపారం వేరు అని కబురు పంపాడు. ఆ చలికాలం మగ్గాల మీంచి కోసిన చీరలు కోసినట్టే పెట్టెలో ఉండిపోయాయి. మాఘమాసంలో ముహూర్తాలు వచ్చాయి, హిందూపురం అంగట్లో సరుకు చాలలేదు. రంగప్పకు అప్పుడు సైన్సు మీద గురి కుదిరింది. ఎండలో ఆరేస్తే ఏ పురుగూ బతకదని ఎవరో డాక్టరు చెప్పాడంటూ తానే వచ్చి పెట్టె ఖాళీ చేసి తీసుకుపోయాడు. ఆరేయడానికి కూడా ఆగలేదు.

వీధిలోవాళ్ల సంగతి ఇంకొక రకం. చెన్నకేశవులును చూస్తే పక్కకు తప్పుకునేవాళ్లే ఒక్కొక్కరుగా, ఎవరూ చూడనప్పుడు వచ్చేవాళ్లు. వాళ్లెవరికీ దగ్గు లేదు. అందరికీ దగ్గుతున్న స్నేహితులున్నారు. "మా స్నేహితునికి రేత్రిళ్లు చెమట పడతాది. ఆ సూదికి ఎవురిని అడగాల?" అని గుసగుసగా అడిగాడు నేతగాడు యల్లప్ప, అడుగుతూనే తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని. చెన్నకేశవులు అతని స్నేహితుణ్ని పిలిపించమనలేదు. అతన్నే ఆసుపత్రికి తీసుకుపోయాడు.

ఇక ఎవరికీ అంటదని డాక్టరు రాసిచ్చిన కాగితం పట్టుకుని, మాత్రలు మింగుతూనే మరుసటి ఏడు కాలేజీలో చేరాడు. తనకంటే చిన్నవాళ్లు అన్నా అన్నా అంటూనే, పక్కన మంచం వేసుకోవడానికి మాత్రం మొదట జంకారు, తర్వాత మరిచిపోయారు. డిగ్రీ చేతికొచ్చాక గుడిబండలో వ్యవసాయశాఖ ఉద్యోగం దొరికింది. శ్రీరాములు ఆ వార్త విని, తన నాలుగు పేజీలు వేసిన పునాది అలాంటిదని పెనుకొండ అంతా చెప్పుకున్నాడు.

పెళ్లిచూపులకు పోయిన ప్రతిచోటా చెన్నకేశవులు కాఫీ తాగకముందే తన జబ్బు సంగతి చెప్పేవాడు. కాఫీ రాకుండానే లేచిరావాల్సిన ఇళ్లు కొన్నయ్యాయి. ఆంజనప్ప తల కొట్టుకునేవాడు. సోమందేపల్లిలో నీలావతి అనే అమ్మాయి మాత్రం తలుపు పక్కన నిలబడి అంతా వింది.

"ఇప్పుడు దగ్గు ఉండాదా?" అని అడిగింది.

"లేదు."

"అయితే కాఫీ తాగండి, ఆరిపోతాంది."