రెండు ప్యాంట్లు, మూడు చొక్కాలు

బట్టలు మార్చకుండా వారమంతా తిరిగానని నా మీద ఫిర్యాదు చేశారు. అది పచ్చి అబద్ధం. ఆ వారంలో నేను రోజుకో జత వేశాను, ఒక్క జత కూడా రెండోసారి వేయలేదు. అయినా నా ఉద్యోగం ఖాయం చేయకుండా ఆపేశారు.

అరవైల్లో సంగతి. నందిగామలో కాపురం, ఎరువుల కంపెనీలో టూరింగ్ ఏజెంటు పని. బళ్ళో చదివింది ఎనిమిదో తరగతే, మిగతాదంతా నా అంతట నేను చదువుకున్నదే. ఆ నెల దాటితే పర్మినెంటు. దాటేముందు జగ్గయ్యపేటలో వారం రోజులు మకాం వేసి, చుట్టుపక్కల రైతుల చేత ఎరువు కొనిపించాలి.

మా సీనియర్ ఏజెంటు క్యాంపుకి వెళితే పెళ్ళివారు కదిలినట్టుండేది. ట్రంకుపెట్టె, పరుపుచుట్ట, కూజా. ఆ పెట్టె బస్సు టాపు మీదికెక్కించడానికి ఒక కూలీ, దింపడానికి ఇంకొకడు. ఆయన దిగేసరికి రైతులు పొలాలకి పోయేవాళ్ళు. నాకు ఆ బాధ వద్దనుకున్నాను. ఒకసారి విమానమెక్కి వచ్చిన మా మేనేజరు గారు, విమానంలో కాళ్ళ దగ్గర పెట్టుకునే జిప్పు బ్యాగు తనకి పాతబడిందని నాకిచ్చారు. అది బస్సులో ఒళ్ళో పడుతుంది. వారానికి సరిపడా అందులోనే సర్దాను.

ప్యాంట్లు రెండు: నీలం, బూడిద రంగు. చొక్కాలు మూడు: తెల్లది, లేత నీలం, సన్న చారలది. ఏ చొక్కా అయినా ఏ ప్యాంటు మీదికైనా నప్పేట్టు చూసి మరీ కుట్టించాను. ఒక జత ఒంటి మీద, మిగిలినవి చాపలా చుట్టి బ్యాగు అడుగున. చుడితే మడతలు పడవు, చోటూ కలిసొస్తుంది. సందుల్లో బనియన్లు, మేజోళ్ళు. పైన లుంగీ, తుండు, గెడ్డం సామాను. బూట్లు కాళ్ళకే. చొక్కాలు టెరిలిన్‌వి కనక సాయంత్రం జాడించి పిండకుండా ఆరేస్తే తెల్లారేసరికి ఇస్త్రీ అక్కర్లేకుండా సిద్ధం. విప్పిన ప్యాంటు దులిపి బసలో పరుపు కింద పెడితే అదే ఇస్త్రీ. సోమవారం నీలం మీద తెల్లది, మంగళవారం బూడిద మీద లేత నీలం, బుధవారం నీలం మీద చారలది. ఇలా వరస తిప్పితే శనివారానికి ఆరు జతలు, ఆరూ వేర్వేరు.

మా డీలరు షావుకారు రోజూ పొద్దున్నే కొట్టు గల్లాపెట్టె దగ్గర కూచుని నన్ను ఎగాదిగా చూసేవాడు. ఆయన చూసింది చొక్కా కాదు, ప్యాంటు. శనివారం మేనేజరు గారు కొట్టుకి రాగానే అందుకున్నాడు.

"ఏందండీ, మీ కంపెనీలో జీతాలియ్యరా? ఈయన గుడ్డ మార్చంగా నే చూళ్ళా. రైతులు నవ్విపోతన్నారు!"

నాకు ఒళ్ళు మండింది. బ్యాగు తెచ్చి ఎరువు బస్తాల మీద దిమ్మరించాను. ఒంటి మీద ఉన్నవి పోను మిగిలిన బట్టలన్నీ పరిచి, ఏ రోజు దేని మీద ఏది వేశానో వరసగా చూపించాను. లెక్క పూర్తయ్యేసరికి షావుకారు తొడ చరిచాడు.

"చూశారా! రెండే ప్యాంట్లని ఆయన నోటితోనే చెప్పాడు! ఇంక నేను చెప్పేదేముంది?"

"మరి తమరు వారమంతా తెల్లపంచే కదండీ కట్టింది? అది రోజుకొకటా, వారానికొకటా?" అన్నాను.

"పంచె సంగతి నీకెందుకయ్యా?"

అదీ న్యాయం. ఈ సీమలో పెద్దమనిషి తెల్లపంచెతో ఏడాదంతా తిరిగినా అడిగే దిక్కు లేదు. తెలుపు తెలుపే, నిన్నటిదో ఇవాళ్టిదో దాన్ని ఉతికిన చాకలికే తెలియాలి. రంగు ప్యాంటు వేసినవాడే దొంగ.

మేనేజరు గారు నవ్వాపుకుంటూ, "షావుకారు మనసు నొప్పించడం బాగాలేదండీ. మీ పర్మినెంటు సంగతి తర్వాత చూద్దాం," అని జీపెక్కారు. నా బనియన్లు మాత్రం ఇంకా బస్తాల మీదే ఉన్నాయి.

ఆ వారం నేను అమ్మించిన బస్తాలు సీనియరు అంతకుముందు అమ్మించినవాటికంటే ఎక్కువ. నా పొద్దు పెట్టె ఎక్కించి దింపడానికి పోలేదు మరి. ఆ మాట రాసి బెజవాడ ఆఫీసుకి పంపాను. జవాబు లేదు. మళ్ళీ రాశాను. మూడోసారి నేనే వెళ్ళి మేనేజరు గారి బల్ల ముందు నిలబడ్డాను.

"పెట్టె తక్కువైందని మనిషిని తక్కువ చేస్తారా సార్? ఔనో కాదో తేల్చండి."

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"మీ ఉద్యోగం ఖాయమండీ. ఏజెంట్లందరూ ఇకమీదట ఒక్క బ్యాగుతోనే వెళ్ళాలని చెబుతున్నా, ఎలా సర్దాలో మీరే నేర్పండి. మీరు జగ్గయ్యపేట వెళ్ళేటప్పుడు మాత్రం షావుకారు కంట పడేట్టు ట్రంకుపెట్టె పట్టుకెళ్ళండి. ఖాళీదైనా సరే."